మూడు మొగ్గలు

కింద వాటావాళ్లు ఇల్లు ఖాళీ చేస్తూ వదిలేసిన కుండీ అది. నీళ్ల ట్యాంకు వెనక, పాత చీపుళ్ల పక్కన పడి ఉంది. డిసెంబరులో మైలవరం నుంచి వచ్చిన అమ్మమ్మ వనస్థలిపురంలో మా డాబా ఎక్కిన మొదటి రోజే దాన్ని చూసింది.

"ఆ మొక్క చచ్చిపోయింది అమ్మమ్మా, పారేద్దామనుకుంటున్నాం," అన్నాను.

అమ్మమ్మ బదులివ్వలేదు. కింద కూర్చుని, కొమ్మని మొదలు దగ్గర గోటితో గీకింది. బెరడు కింద సన్నటి పచ్చ గీత.

"బొడ్డుమల్లె. ప్రాణం ఉందే దీనికి."

కుండీ వంచి మట్టి ముద్దని బయటికి లాగింది. అడుగున కన్నం మూసుకుపోయింది. వేళ్లు నల్లబడి కుళ్లు వాసన కొట్టాయి. "నీళ్లు లేక కాదు, ఎక్కువై ఇలా అయింది," అంటూ అమ్మ బట్టల కత్తెరతో కుళ్లినవన్నీ తీసేసింది. కన్నం మీద పెంకు ముక్క బోర్లించి, ఎర్రమట్టిలో ఇసుక, చివికిన పశువుల ఎరువు కలిపి నాటింది. ఆ బస్తాలు మూడంతస్తులు మోసింది నేనే. తర్వాత కొమ్మలన్నీ జానెడు ఎత్తుకి కత్తిరించేసింది.

"ఉన్నదీ కోసేశావేంటి!"

"చలికాలంలో మా నాన్న మల్లెతోటలోకి మేకల్ని తోలేవాడు. ఆకంతా మేసేసేవి. నేనూ ఇలాగే ఏడ్చేదాన్ని. ఎండలు ముదిరేసరికి సాళ్లనిండా మొగ్గలే."

అమ్మమ్మకి పసుపుకుంకాల కింద వచ్చిన ఆ తోటని తాతయ్య ఆపరేషన్‌కి అమ్మేశారు. ఆయనా దక్కలేదు. ఆ సంగతి మా ఇంట్లో ఎవరూ ఎత్తరు.

రోజూ పొద్దున్నే మట్టిలో వేలు పెట్టి చూసేది. తడి తగిలితే నీళ్లు పోసేది కాదు. జాలేసి నేనొకసారి చాటుగా చెంబెడు పోశాను. నా చిన్నప్పటినుంచీ ఒక్క మాట అనని మనిషి, ఆ రోజు గట్టిగానే కేకలేసింది.

సంక్రాంతి వెళ్లింది. ఒక కొమ్మ నల్లబడితే దాన్నీ తీసేసింది. ఆ రాత్రి అన్నం సరిగ్గా తినలేదు.

శివరాత్రికి రెండు రోజుల ముందు డాబా మీంచి నన్ను పిలిచిన పిలుపుకి, పడిపోయిందేమోనని చెప్పులు కూడా లేకుండా పరుగెత్తాను. కణుపు దగ్గర ఆవగింజంత చిగురు. దానికి నీడ పడకుండా పక్కకి జరిగి మరీ చూపించింది.

ఏప్రిల్‌లో మూడు మొగ్గలు వచ్చాయి. అమ్మ దేవుడికి పెడదామంది. నేను ఫొటో తీస్తానన్నాను. సాయంత్రం డాబా మీదికి వెళ్లేసరికి కొమ్మ ఖాళీగా ఉంది.

వంటింట్లో అమ్మమ్మ మంచినీళ్ల కుండ మీద మూత తీసి, గ్లాసు ముంచి నాకిచ్చింది. కుండలో మూడు మొగ్గలు తేలుతున్నాయి, అప్పుడప్పుడే విచ్చుకుంటూ.

"తాగు," అంది. "మా తోట నీళ్లు ఇలాగే ఉండేవి."