కొత్త యాడ్ అకౌంట్: పని మొదలుపెట్టేముందు మీతో మా ప్రశ్నలు

నమస్తే. సోమవారం కాల్‌లో మాట్లాడుకున్నట్టే ప్రశ్నావళి పంపుతున్నాం. ల్యాప్‌టాప్ బ్యాగులు, ట్రాలీ సూట్‌కేసులు, స్కూల్ బ్యాగులు అమ్మే మీ ఆన్‌లైన్ షాపు కోసమే రాసిన ప్రశ్నలివి. కాల్‌లో తేలిపోయిన సంగతులు మళ్లీ అడగలేదు.

ప్రతి ప్రశ్న కిందే జవాబు టైప్ చేయండి. కచ్చితమైన లెక్క లేకపోతే అంచనా రాసి, పక్కన "అంచనా" అని పెట్టండి. అంచనాతో పని నడుస్తుంది. అంచనా అని చెప్పకుండా ఇచ్చిన అంకెతోనే తంటా. రెండో భాగం మీ అకౌంటెంట్‌ని పక్కన కూర్చోబెట్టుకుని నింపండి, మిగతాది మీరొక్కరే గంటలో పూర్తి చేయగలరు. శుక్రవారం సాయంత్రానికి అందితే మంగళవారం కాల్‌కి ప్లాన్‌తో వస్తాం.

1. అసలు ఏం కావాలి

1.1 "మూడు నెలల్లో సేల్స్ రెట్టింపు కావాలి" అన్నారు. రెట్టింపు కావాల్సింది ఆర్డర్ల సంఖ్యా, అమ్మకాల విలువా, చేతిలో మిగిలే లాభమా? ఒక్కటే ఎంచుకోండి. మూడూ కావాలని ఎవరికైనా ఉంటుంది. కానీ ఒకదాని కోసం ఇంకొకటి వదులుకోవాల్సి వచ్చినప్పుడు ఎటు మొగ్గాలో మాకు ముందే తెలియాలి.

1.2 మొదటి మూడు నెలలు లాభం లేకపోయినా కొత్త కస్టమర్లు వస్తే చాలా? అయితే ఒక కొత్త కస్టమర్ కోసం ఎంతవరకు నష్టం భరించగలరు? ఈ మాట మీ పార్ట్‌నర్‌తో కూడా మాట్లాడాకే రాయండి.

1.3 ఆర్డర్లు నిజంగానే రెట్టింపైతే ప్యాకింగ్, డెలివరీ తట్టుకుంటాయా? రోజుకు ఎన్ని ఆర్డర్ల దాకా ఇబ్బంది లేకుండా పంపగలరు?

1.4 మూడు రకాల్లో ఏది ముందు నడపాలి? ఏది అసలు యాడ్స్‌లో కనిపించకూడదు? స్టాక్ వదిలించుకోవాల్సిన మోడళ్లుంటే వాటి పేర్లు విడిగా రాయండి. వాటికి లాభం లెక్క వేరు.

1.5 ఏడాదిలో మీకు బాగా అమ్ముడుపోయే నెలలు, చప్పగా ఉండే నెలలు ఏవి? స్కూల్ బ్యాగులకు, సూట్‌కేసులకు విడివిడిగా రాయండి.

2. మార్జిన్లు

మిగతా భాగాల్లో ఒకటి రెండు జవాబులు తర్వాత పంపినా సర్దుకుంటాం. ఇది లేకుండా మాత్రం ఒక్క క్యాంపెయిన్ కూడా ఆన్ చేయం. యాడ్ మీద ఎంత ఖర్చు పెట్టొచ్చో చెప్పేది ఈ అంకెలే.

ముందు ఒక ఉదాహరణ. ఈ అంకెలు ఊహించి రాసినవి, మీవి కావు. పన్నులు, డిస్కౌంట్లు పోగా ఒక బ్యాగు మీద మీకు 100 వస్తుందనుకుందాం. అందులో సరుకు ఖరీదు 45, ప్యాకింగ్ 3, డెలివరీ 9, పేమెంట్ గేట్‌వే ఛార్జీ 2. వెనక్కి వచ్చిన వాటి వల్ల ఒక్కో ఆర్డర్ మీద పడే నష్టం సగటున 6. మొత్తం 65 పోగా మిగిలేది 35. ఈ 35 మొత్తం యాడ్స్‌కే పోస్తే లాభం లేదు, నష్టం లేదు. అందులో 15 మీ జేబులో మిగలాలంటే యాడ్స్‌కి మిగిలేది 20. కింద ROAS అంటే యాడ్స్ మీద పెట్టిన ఒక్కో రూపాయికి ఎన్ని రూపాయల అమ్మకం వచ్చిందనే లెక్క.

```
Break-even ROAS = 100 / 35 = 2.86
Target ROAS     = 100 / (35 - 15) = 5.0
```

అంటే ఈ బ్యాగు విషయంలో రిపోర్టులో ROAS 4 కనిపిస్తే నష్టమైతే లేదు, కానీ మీరు కోరుకున్న లాభమూ లేదు. పాత ఏజెన్సీ "4 వస్తోంది, బాగుంది" అన్నారని చెప్పారు. ఏ మార్జిన్ మీద బాగుందో వాళ్లు చెప్పారా?

2.1 పైన చూపించినట్టే మూడు రకాలకూ విడివిడిగా లెక్క రాయండి. మొత్తం షాపుకి ఒకే సగటు ఇవ్వొద్దు. సూట్‌కేసు పెద్దది కాబట్టి డెలివరీ ఖర్చు ఎక్కువ, స్కూల్ బ్యాగుది అలా కాదు. రెండూ కలిపి సగటు తీస్తే రెండింటి మీదా తప్పు నిర్ణయమే తీసుకుంటాం.

2.2 100 ఆర్డర్లు వస్తే పంపకముందే క్యాన్సిల్ అయ్యేవి ఎన్ని? పంపాక వెనక్కి వచ్చేవి ఎన్ని? వెనక్కి వచ్చిన బ్యాగు మళ్లీ కొత్తదిగా అమ్మగలుగుతున్నారా?

ఇంతగా అడగడానికి కారణముంది. ఇంతకుముందు ఒక క్లయింట్ దగ్గర రిటర్నులు మాకు చెప్పలేదు, మేమూ అడగలేదు. రెండు నెలలు రిపోర్టులు చూసి అందరం సంబరపడ్డాం. ఆ తర్వాత గోడౌన్ నుంచి లెక్క వచ్చింది. తప్పు మాదే, అందుకే అప్పటి నుంచి ఈ ప్రశ్న తప్పనిసరి చేశాం.

2.3 మీరు తరచూ ఇచ్చే డిస్కౌంట్ ఎంత శాతం? 2.1లో రాసిన లెక్క డిస్కౌంట్ తీసేశాక వేసిందేనా?

2.4 మొదటిసారి కొన్నవాళ్లలో ఏడాదిలోపు మళ్లీ కొనేవాళ్లు ఎంతమంది? తెలియకపోతే "తెలియదు" అని రాయండి, 3.3లో అడిగిన ఫైలు నుంచి మేమే తీస్తాం.

2.5 మా ఫీజు ఈ లెక్కలో కలపాలా, వద్దా? కలపడమే మంచిదని మా అభిప్రాయం.

3. ఇప్పటిదాకా ఏం జరిగింది

3.1 పాత ఏజెన్సీ చివరి ఆరు నెలల రిపోర్టులు ఉన్నవి ఉన్నట్టే పంపండి. ఆ ROAS 4లో మీ బ్రాండ్ పేరు వెతికి వచ్చినవాళ్ల అమ్మకాలు కూడా కలిశాయా? పేరు తెలిసి వెతుక్కుంటూ వచ్చినవాళ్లలో చాలామంది యాడ్ లేకపోయినా కొనేవాళ్లే. వాళ్లని తీసేసి చూస్తేగానీ కొత్తవాళ్ల మీద ఎంత వస్తోందో తేలదు.

3.2 గూగుల్, మెటా రెండూ ఒకే ఆర్డర్‌ని "మా వల్లే వచ్చింది" అని చెప్పుకోవడం మామూలే. ఎవరి కొలత వాళ్లది. రెండింటి మొత్తాన్ని మీ అసలు ఆర్డర్లతో ఎప్పుడైనా పోల్చి చూశారా? చూసుంటే తేడా ఎంత?

3.3 గత 24 నెలల ఆర్డర్లు CSV ఫైల్‌లో కావాలి. పేర్లు, ఫోన్ నంబర్లు, అడ్రస్‌లు తీసేసి పంపండి, మాకు వాటితో పని లేదు. ఈ కాలమ్‌లు చాలు:

```
order_id, order_date, sku, net_value, status, new_or_repeat
```

`status` కాలమ్ మర్చిపోవద్దు. క్యాన్సిల్ అయినవి, వెనక్కి వచ్చినవి అందులోనే తెలుస్తాయి.

3.4 సోమవారం మీ సైట్‌లో ఒక టెస్ట్ ఆర్డర్ పెట్టి చూశాం. ఆర్డర్ కన్ఫర్మ్ అయిన పేజీని రీఫ్రెష్ చేస్తే, అమ్మకం జరిగిందని గూగుల్‌కి చెప్పే `purchase` ఈవెంట్ మళ్లీ వెళ్తోంది. ఆర్డర్ నంబర్ చెప్పే `transaction_id` మాత్రం దాంతో అసలు వెళ్లడం లేదు. ఆ నంబర్ వెళ్తే రెండోసారి వచ్చింది అదే ఆర్డర్ అని గూగుల్ గుర్తుపట్టి వదిలేస్తుంది, లేకపోతే కొత్త అమ్మకంగా లెక్కేస్తుంది. కస్టమర్ తన ఆర్డర్ ఎక్కడిదాకా వచ్చిందో చూడ్డానికి ఆ పేజీనే నాలుగుసార్లు తెరిచాడనుకోండి, ఏం జరుగుతుందో మీరే ఊహించండి. ఇది ఎప్పటి నుంచి ఇలా ఉంది? సైట్‌ని కొత్త ప్లాట్‌ఫామ్‌కి మార్చిన తేదీ గుర్తుందా? అప్పుడు ట్యాగ్‌లు పెట్టినవాళ్లు ఇప్పటికీ మీతో ఉన్నారా?

3.5 బాగా ఆడిన యాడ్‌లు మూడు, ఖర్చు తప్ప ఏమీ మిగల్చని యాడ్‌లు మూడు పంపండి. రెండో రకమే మాకు ఎక్కువ పనికొస్తుంది.

3.6 అకౌంట్ ఎప్పుడైనా సస్పెండ్ అయిందా? యాడ్‌లు రిజెక్ట్ అయ్యాయా? అయ్యుంటే ఏ కారణం చూపించారు? ఇది దాచాల్సిన విషయం కాదు, అకౌంట్ తెరవగానే మాకూ కనిపిస్తుంది.

4. యాక్సెస్

పాస్‌వర్డ్‌లు పంపకండి, వాట్సాప్‌లో అసలే వద్దు. ఎవరైనా మా పేరు చెప్పి పాస్‌వర్డ్ గానీ ఓటీపీ గానీ అడిగితే అది మేం కాదు. అకౌంట్లన్నీ మీ పేరు మీదే ఉండాలి, మేం అందులో పనిచేసి వెళ్లేవాళ్లం. రేపు మాతో పని మానేసినా డేటా మీ దగ్గరే ఉంటుంది.

4.1 గూగుల్ యాడ్స్: పైన కనిపించే 10 అంకెల కస్టమర్ ఐడీ పంపండి. మా మేనేజర్ అకౌంట్ నుంచి రిక్వెస్ట్ వస్తుంది, `Access and security` లోకి వెళ్లి `Managers` ట్యాబ్‌లో ఒప్పుకోండి. అదే చోట `Users` లిస్టు స్క్రీన్‌షాట్ కూడా పంపండి. అందులో మానేసిన ఉద్యోగులు, పాత ఏజెన్సీవాళ్లు ఎవరైనా `Admin`గా మిగిలిపోయారా?

4.2 మెటా: `Business settings` లో `Partners` ద్వారా యాడ్ అకౌంట్, పేజీ, పిక్సెల్, క్యాటలాగ్ నాలుగూ మాకు ఇవ్వండి. పిక్సెల్ మీ బిజినెస్ పేరు మీదే ఉందా, పాత ఏజెన్సీ పేరు మీదా? వాళ్ల పేరు మీద ఉంటే వెంటనే ఫోన్ చేయండి, దాని మీద వాళ్లతో మాట్లాడాకే ముందుకెళ్దాం.

4.3 అనలిటిక్స్‌లో `Editor`, మర్చంట్ సెంటర్‌లో కూడా యాక్సెస్ కావాలి. ట్యాగ్ మేనేజర్‌లో `Publish` ఇవ్వడం మీ డెవలపర్‌కి ఇష్టం లేకపోతే `Edit` చాలు. మార్పులు మేం సిద్ధం చేస్తాం, ఆయన చూసి పబ్లిష్ చేస్తారు. ఆయన ఏ రోజుల్లో దొరుకుతారు?

4.4 యాడ్స్ బిల్లు ఏ కార్డు మీద వెళ్తోంది, దాని లిమిట్ ఎంత? కార్డు ఫెయిలైతే మెయిల్ ఎవరికి వస్తుంది? ఇంకో మాట: గూగుల్‌లో రోజువారీ సగటు బడ్జెట్ పెడితే, ఏదో ఒక రోజు దానికి రెట్టింపు దాకా ఖర్చవచ్చు, నెల మొత్తం మీద సర్దుకుంటుంది. ఆ రోజు మీ అకౌంటెంట్ టెన్షన్ పడకుండా ముందే చెప్పి ఉంచండి.

5. ఎవరు ఓకే చెప్పాలి

5.1 యాడ్‌కి చివరి మాట ఎవరిది? ఒక్కరి పేరే రాయండి. ఆయన ఊళ్లో లేనప్పుడు చూసుకునే రెండోవారి పేరు కూడా. ఇద్దరు ముగ్గురు కలిసి ఓకే చెప్పే చోట యాడ్ వారం ఆలస్యమవడం, చివరికి ఎవరికీ నచ్చని లైన్ బయటికి వెళ్లడం మేం చూస్తూనే ఉన్నాం.

5.2 మేం పంపిన డ్రాఫ్ట్‌కి ఎన్ని పని గంటల్లో జవాబిస్తారు? జవాబు రాకపోతే దాన్ని ఓకేగా తీసుకోం, పాత యాడే నడుస్తుంది. ఫోన్‌లో చెప్పిన ఓకేని మెయిల్‌లో ఒక్క లైన్ రాస్తే చాలు.

5.3 బిడ్‌లు, నెగెటివ్ కీవర్డ్‌లు, క్యాంపెయిన్ల మధ్య 20 శాతం దాకా బడ్జెట్ మార్పులు మిమ్మల్ని అడక్కుండా చేస్తాం. మొత్తం బడ్జెట్, ఆఫర్, ధర, కొత్త ల్యాండింగ్ పేజీ మాత్రం మీరు చెప్పాకే. ఈ గీత మీకు సరేనా? ఎటైనా జరపాలంటే రాయండి.

5.4 మీ సైట్‌లో ల్యాప్‌టాప్ బ్యాగుల కింద "వాటర్‌ప్రూఫ్" అని ఉంది. ఫొటోల్లో చూస్తే జిప్పుకి పైన కప్పు లేదు, మామూలు జిప్పే. టెస్ట్ రిపోర్టు ఉంటే పంపండి. లేకపోతే యాడ్‌లో "వానచినుకులకు తడవదు" అని మాత్రమే రాస్తాం, అది కూడా మీరు ఒక బ్యాగు తడిపి చూసి చెప్పాకే. యాడ్‌లో రాయకూడని మాటలు ఇంకేమైనా ఉన్నాయా?

5.5 ఫొటోల్లో ఉన్న మోడళ్లు, వీడియోలు చేసిన ఇన్‌ఫ్లుయెన్సర్లు యాడ్స్‌లో వాడుకోవడానికి రాతపూర్వకంగా ఒప్పుకున్నారా? ఏ తేదీ దాకా? వాళ్ల పేజీలో పోస్ట్ చేయడానికి ఒప్పుకోవడం వేరు, డబ్బు పెట్టి యాడ్‌గా నడపడం వేరు.

5.6 ఒక మోడల్ స్టాక్ అయిపోతే, ధర తప్పుగా పడితే, సైట్ ఆగిపోతే రాత్రిపూట అయినా యాడ్స్ ఆపమని చెప్పే హక్కు ఎవరికి ఇస్తున్నారు? వాళ్ల ఫోన్ నంబర్ ఇక్కడ రాయకండి, మంగళవారం కాల్‌లో తీసుకుంటాం.