మీ అబ్బాయి విషయంలో ఇచ్చిన ఫిర్యాదుకు స్కూలు జవాబు

బెంగళూరు
9 జూలై 2025

7వ తరగతి బి సెక్షన్ విద్యార్థి తల్లిదండ్రులకు నమస్కారం.

సోమవారం రాత్రి మీరు పంపిన ఉత్తరం అందింది. మంగళవారం ఉదయమే ఫిర్యాదుల రిజిస్టర్‌లో నమోదు చేయించాను. మీరు తెలుగులో రాశారు కాబట్టి నేనూ తెలుగులోనే రాస్తున్నాను.

మారతహళ్లి రూటు బస్సులో బాబు కన్నడ యాసను వెక్కిరించడం, టిఫిన్ బాక్సు లాక్కుని ఒకరికొకరు విసురుకోవడం, ఫొటోను స్టిక్కర్ చేసి వాట్సాప్ గ్రూపులో పెట్టడం, అన్నీ చదివాను. డబ్బా తెరవకుండానే ఇంటికి తెస్తున్నాడన్న మాట నన్ను చాలా బాధపెట్టింది. పిల్లలన్నాక ఇలాంటివి మామూలేనని మీకు సర్దిచెప్పను. ఇది వేధింపే.

నిన్న సాయంత్రం నుంచే బస్సులో ఆయా వెనక సీట్ల దగ్గర కూర్చుంటోంది. బాబు ముందు వరుసలోకి మారతానంటే మారొచ్చు, బలవంతం లేదు. బస్సో సెక్షనో మార్చాల్సి వస్తే ఏడిపించినవాళ్లను మారుస్తాం తప్ప మీ అబ్బాయిని కాదు.

రేపు కౌన్సెలర్ బాబుతో విడిగా మాట్లాడతారు. మీలో ఒకరు పక్కన ఉండాలనుకుంటే రండి. మిగతా పిల్లలను ఒక్కొక్కరినే పిలిచి అడుగుతాం. అందరినీ ఎదురెదురుగా నిలబెట్టి సారీ చెప్పించే పని మాత్రం చేయం. అలా చేస్తే భయపడిన పిల్లవాడు ఇంకా ముడుచుకుపోతాడు. డ్రైవరునీ, ఆయానూ కూడా విచారిస్తాం, బస్సు కెమెరా రికార్డింగు భద్రంగా దాచి పెట్టించాం.

సీబీఎస్‌ఈ 2015లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం ఏర్పాటైన వేధింపుల నిరోధక కమిటీ శుక్రవారం సమావేశమవుతుంది. ఆ పిల్లల తల్లిదండ్రులను అదే రోజు పిలిపిస్తున్నాం. సోమవారం, 14న, ఉదయం 10 గంటలకు మీరిద్దరూ నా గదికి రండి. తేలిన విషయం, తీసుకున్న చర్య రాతపూర్వకంగా ఇస్తాను. అవతలి పిల్లల ఇంటి విషయాలు, కౌన్సెలింగ్ వివరాలు మాత్రం చెప్పలేను. వాళ్లూ మా పిల్లలే.

మీ వైపు నుంచి రెండు సాయాలు కావాలి. ఆ స్టిక్కర్, మెసేజ్‌ల స్క్రీన్‌షాట్లు చెరిపేయకండి, ప్రింటు తీసి తీసుకురండి. ఆ పిల్లల ఇళ్లకు మీరు నేరుగా ఫోన్ చేయకండి. మీ కోపం న్యాయమైనదే, కానీ పెద్దవాళ్ల మధ్య మాటామాటా పెరిగితే రేపు బస్సులో దాని ఫలితం అనుభవించేది బాబే.

ఈలోగా మళ్లీ ఏదైనా జరిగితే సోమవారం దాకా ఆగొద్దు. అదే రోజు క్లాస్ టీచర్‌కో నాకో చెప్పండి. మా వల్ల న్యాయం జరగలేదనిపిస్తే రాష్ట్ర బాలల హక్కుల కమిషన్‌కు వెళ్లే హక్కు మీకుంది. పిల్లల కోసం 1098 హెల్ప్‌లైన్ రాత్రీపగలూ పనిచేస్తుంది. ఆ నంబరు బాబుకు కూడా తెలిసి ఉండాలి.

ఇట్లు,
ప్రిన్సిపాల్

కాపీ: క్లాస్ టీచర్, కౌన్సెలర్, ట్రాన్స్‌పోర్ట్ ఇన్‌ఛార్జి