మాఘమాసం పెళ్లిళ్లకు భోజనాలు పెట్టేవారికి, కేటరింగ్ వారికి మనవి

విజయనగరం, నెల్లిమర్ల, గజపతినగరం హాళ్లలో వంట, వడ్డన చూసుకునేవాళ్లం కలిసి రాస్తున్నాం. బఫేలో తిండి పారబోతకు అతిథుల్నే అంటాం గానీ, సగం నష్టం వంట మొదలవకముందే జరిగిపోతుంది.

వచ్చేది 800 మంది అనుకోండి. చాలకపోతే పరువు పోతుందని పెళ్లివారు 900 ప్లేట్లు చెబుతారు. అదే భయంతో కేటరింగ్ వారు వెయ్యి మందికి ఎసరు పెడతారు. అదనం ఒక్కరే వేయండి, పది శాతం దాటొద్దు. అదీ వండి కాదు, పచ్చిసరుకుగా ఉంచండి. బియ్యం కొలిచి సిద్ధంగా పెట్టుకుంటే అరగంటలో మరో గుండిగ దిగుతుంది. ముందు 70 శాతమే వండి, జనాన్ని చూసి మిగతాది పొయ్యి మీద పెట్టండి. శుభలేఖకు నలుగురని లెక్క కట్టొద్దు. అదే రోజు ఊళ్లో ఇంకో నాలుగు పెళ్లిళ్లుంటే చాలామంది అక్షింతలు వేసి వెళ్లిపోతారు.

తెల్లన్నం ఒక్కటే అయితే వందమందికి 12 కిలోల బియ్యం. బిర్యానీ, పులిహోర కూడా ఉన్నప్పుడు తెల్లన్నానికి 5, 6 కిలోలు చాలు. ఇక్కడే ఎక్కువమంది పాత లెక్క మార్చరు, గంగాళాలు మిగిలిపోతాయి.

ఎంగిలి డబ్బా దగ్గర ఒక్క పావుగంట నిలబడి చూడండి. కొరికి వదిలేసిన బూరె, గ్రేవీలో మునిగిన బిర్యానీ, ముట్టని పనసపొట్టు కూర. మళ్లీ లైనులో నిలబడాలన్న విసుగుతోనే జనం ఒకేసారి కంచం నింపుకుంటారు. అందుకే అన్నం, పప్పు, సాంబారు, పెరుగుకు రెండో కౌంటర్ విడిగా పెట్టండి. స్వీట్లు, బిర్యానీ మనిషి చేత చిన్న గరిటెతో వడ్డించండి, "ఇంకొంచెం వేయమంటారా?" అని అడిగించండి. 12 అంగుళాల ప్లేటు బదులు 10 అంగుళాలది పెట్టండి. స్వీట్లు ఐదు రకాలెందుకు? రెండు చాలు, అవైనా బాగుండాలి.

మిగిలింది ఇవ్వాలంటే ఎవరికిస్తారో ముందురోజే మాట్లాడుకోండి. రాత్రి పదింటికి ఫోన్ చేస్తే హాస్టల్ పిల్లలు పడుకుని ఉంటారు. కౌంటర్‌లోకి రాని గుండిగలోదే, వేడిగా ఉండగా, మూత పెట్టి, పొయ్యి దిగిన రెండు గంటల్లోపు తినేవారికి చేరాలి. కొబ్బరి పచ్చడి, పెరుగన్నం అసలు ఇవ్వొద్దు. చల్లారి గంటలకొద్దీ ఉన్న అన్నంలో పుట్టే విషం మళ్లీ వేడి చేసినా పోదు.

ఎంగిలి అన్నం గంపలకొద్దీ ఆవుల ముందు పోయడం పుణ్యమనుకోవద్దు. కడుపులో పులిసి పశువు ప్రాణం మీదికొస్తుంది. టిష్యూలు, కప్పులు వేరే డబ్బాలో వేయిస్తే మిగిలింది కంపోస్టుకు పనికొస్తుంది.

అడ్వాన్సు ఇచ్చే రోజే ప్లేట్ల లెక్క, ఎంత వండాలి, అదనం ఎవరిది, మిగిలిన పచ్చిసరుకు ఎవరికి అన్నవి కాగితం మీద రాసుకుని ఇద్దరూ సంతకాలు పెట్టండి. వాడని సరుకు డబ్బు తగ్గిస్తామని కేటరింగ్ వారు అందులోనే రాయాలి. లేకపోతే వండేయడమే వాళ్లకు లాభం.