శుక్రవారం దాకా రాలేను మేడం: ఒక మెసేజ్, దానికి ఇవ్వదగ్గ జవాబులు

హైదరాబాద్ కూకట్‌పల్లిలో ఒక అపార్ట్‌మెంట్. ఆ ఇంట్లో అంట్లు, ఇల్లు, ఒక పూట వంట చేసే యాదమ్మది కల్వకుర్తి దగ్గర పల్లె. మేడం ఆఫీసుకెళ్ళే మనిషి, ఇద్దరు స్కూలు పిల్లలు. ఆదివారం రాత్రి తొమ్మిదిన్నరకి ఈ మెసేజ్ వచ్చింది. యాదమ్మ చెబుతుంటే ఇంటర్ చదివే కూతురు టైప్ చేసింది. మామూలుగా అయితే వాయిస్ మెసేజే వచ్చేది.

"మేడం, నేను యాదమ్మను. మా అమ్మ ఇయ్యాల పొద్దున బాత్రూంల జారి పడ్డది. తుంటి ఎముక విరిగిందంట. మహబూబ్‌నగర్ పెద్దాసుపత్రికి తీసుకపోయిన్రు. బుధవారం ఆపరేషన్ అంటున్నరు. తమ్ముడొక్కడే ఉన్నడు, పక్కన ఆడమనిషి లేకుంటే కష్టం. రేపు ఫస్ట్ బస్సుకు పోతున్న. శుక్రవారం రాత్రికి వస్త, శనివారం పనిలకు వస్త. దోశల పిండి నిన్ననే రుబ్బి ఫ్రిజ్‌ల కింది అరలో పెట్టిన. తాళంచెవి నా దగ్గరే ఉంది, పొద్దున పోయేటప్పుడు వాచ్‌మన్‌కు ఇచ్చిపోత. రెండు వేలు అడ్వాన్స్ ఇస్తరా మేడం? వచ్చే నెల జీతంల పట్టుకోండి. ఆసుపత్రిల ఫోన్ ఎత్తకపోతే ఏమనుకోవద్దు."

ఎందుకు, ఎప్పటిదాకా, తాళంచెవి ఎక్కడ, డబ్బు ఎంత. అడగాల్సినవేమీ మిగల్చలేదు. కాబట్టి జవాబు కూడా ఆ రాత్రే వెళ్ళాలి, తెల్లారితే ఆమె బస్సులో ఉంటుంది.

అన్నిటికీ సరే అనగలిగినప్పుడు

"యాదమ్మక్కా, ఇప్పుడే చూశాను. ఈ వయసులో అమ్మకి ఎంత కష్టం వచ్చింది! నువ్వు నిశ్చింతగా వెళ్ళు, ఇక్కడ మేం సర్దుకుంటాం. రెండు వేలు ఫోన్‌పే చేశాను, అందాయని ఒక్క మాట చెప్పు. ఈ ఐదు రోజులకీ జీతం కొయ్యను, దాని గురించి ఆలోచించకు. అమ్మ ఆధార్, రేషన్ కార్డు మర్చిపోకుండా పట్టుకెళ్ళమని తమ్ముడికి చెప్పు, ఆసుపత్రిలో అడుగుతారు. బుధవారం ఆపరేషన్ అయ్యాక వీలైతే ఒక వాయిస్ పెట్టు. నేను ఫోన్ చేసి విసిగించను."

నెలాఖరు, చేతిలో అంత డబ్బు లేనప్పుడు

"అక్కా, నువ్వు తప్పకుండా వెళ్ళు. ఒక్క మాట, ఏమనుకోకు. నెలాఖరు కదా, రెండు వేలు ఇప్పుడు సర్దలేను. వెయ్యి పంపాను. మిగతా వెయ్యి ఒకటో తారీఖు జీతం పడగానే పంపుతాను, నువ్వు మళ్ళీ అడగక్కర్లేదు. అంతకంటే ముందే ఆసుపత్రిలో అత్యవసరం పడితే మాత్రం ఫోన్ చెయ్యి, ఎవరినైనా అడిగి చూస్తాను."

ఇంట్లో కూడా అవసరం ఉన్నప్పుడు

గురువారం అత్తగారు, మామగారు ఖమ్మం నుంచి వస్తున్నారనుకోండి. ఆ మాట దాచి 'సరే' అని పెట్టేసి, తర్వాత ముఖం ముడుచుకోవడం కంటే ముందే చెప్పడం నయం.

"అక్కా, ముందు అమ్మ సంగతి చూసుకో. నీకు తెలుసుగా, గురువారం మా అత్తమ్మవాళ్ళు వస్తున్నారు. అత్తమ్మకి మోకాళ్ళ నొప్పులు, నాకు ఆఫీసు. మీ గల్లీలో నమ్మకమైనవాళ్ళు ఎవరైనా ఉంటే గురు, శుక్రవారాలు ఒక పూట వచ్చి అంట్లు తోమి, ఇల్లు ఊడ్చి పెడతారా? రోజుకి నాలుగు వందలు వాళ్ళ చేతికే ఇస్తాను. అది నీ జీతంలోంచి కాదు. ఎవరూ దొరక్కపోతే వదిలెయ్, నువ్వు అక్కడి నుంచి ఫోన్లు చేసుకుంటూ కూర్చోకు. నీ పని నీకే ఉంటుంది, ఆ టెన్షన్ వద్దు."

ఈ చివరి వాక్యం లేకపోతే పైదంతా ఎంత మెత్తగా రాసినా ఆమెకి భయమే. బదులు మనిషిని తానే తెచ్చి, ఆ మనిషికే పని వదులుకున్నవాళ్ళ కథలు ప్రతి బస్తీలోనూ ఉన్నాయి.

సెలవులు ముందే వాడేసినప్పుడు

"అక్కా, వెళ్ళిరా. జీతం సంగతి ఇప్పుడే చెబుతాను, తర్వాత నీకు డౌట్ ఉండకూడదు. నెలకి రెండు సెలవులు అనుకున్నాం, బోనాలప్పుడు ఆ రెండూ అయిపోయాయి. అయినా ఇది పండగ కాదు, ఆపద. కాబట్టి మూడు రోజులు నేను వదిలేస్తాను, రెండు రోజులది మాత్రం లెక్కలో తీస్తాను. అది కూడా ఈ నెల కాదు, వచ్చే నెల. నీకు ఇబ్బందైతే చెప్పు, మాట్లాడుకుందాం."

డాక్టర్ చీటీ ఫొటో తీసి పంపు అనే జవాబు కూడా లోకంలో ఉంది. దాన్ని ఇక్కడ రాయలేదు.

శుక్రవారం సాయంత్రం ఇంకో మెసేజ్:

"మేడం, ఆపరేషన్ మంచిగైంది. సోమవారం డిశ్చార్జ్ అంటున్నరు. రేపు వస్త అన్న గని రాలేను. మంగళవారం పక్కా వస్త."

"ఆపరేషన్ బాగా అయింది, అదే చాలు. మంగళవారం రా అక్కా. పొద్దున ఏడింటికి కాకపోయినా పర్వాలేదు, పది గంటలకి రా. పిల్లలు రోజూ నిన్ను అడుగుతున్నారు. చిన్నవాడు నా దోశలు తినడం మానేశాడు."

డ్రైవర్ విషయం

ఇది విశాఖపట్నం, ఎంవీపీ కాలనీ. సార్ రిటైరయ్యారు. అమ్మగారికి వారానికి మూడుసార్లు డయాలసిస్. ఉదయం ఏడింటికల్లా సెంటర్‌లో ఉండాలి, ఒక్కసారి మెషీన్ మీద పడుకుంటే దాదాపు నాలుగు గంటలు. అందుకే డ్రైవర్ శ్రీను తెల్లారేదాకా ఆగకుండా రాత్రే రాశాడు.

"సార్, సాయంత్రం నుంచి జ్వరం, 102 ఉంది. జలుబు మాత్ర వేసుకున్నాను, కళ్ళు మూతలు పడిపోతున్నాయి. రేపు అమ్మగారిని ఎక్కించుకుని బండి తోలడం మంచిది కాదు. మా ఫ్రెండు ఒకడు యాక్టింగ్ డ్రైవర్‌గా చేస్తాడు. ఆరుంపావుకి గేటు దగ్గరుంటాడు, నెంబరు కింద పెట్టాను. రోజుకి వెయ్యి తీసుకుంటాడు. వీల్‌ఛైర్ ఎలా మడవాలో చెప్పాను. వెనక ఎడమ టైరులో గాలి తగ్గుతోంది, దారిలో బంకులో చూడమన్నాను. ఎల్లుండి తగ్గితే వస్తాను సార్."

"శ్రీనూ, రాత్రే చెప్పి మంచి పని చేశావు. మత్తులో బండి ఎక్కకపోవడమే కావాలి నాకు. మీ ఫ్రెండుతో మాట్లాడాను, వస్తానన్నాడు. ఆ వెయ్యి నేనిస్తాను, నీ జీతంతో సంబంధం లేదు. మూడు రోజులైనా జ్వరం తగ్గకపోతే రక్తపరీక్ష చేయించుకో, ఈ సీజన్‌లో డెంగ్యూ ఉంటుంది. నీళ్ళు బాగా తాగు. ఎల్లుండే రావాలని లేదు."

యాక్టింగ్ డ్రైవర్ దొరకని రోజైతే:

"సరే శ్రీనూ, రెస్ట్ తీసుకో. రేపటికి క్యాబ్ బుక్ చేస్తాను. వీల్‌ఛైర్ డిక్కీలో పట్టాలి కాబట్టి పెద్ద బండే చూస్తాను. కారు తాళం నీ దగ్గరే ఉంటే ఉండనీ, దానికోసం నువ్వు లేచి రావద్దు. మందుల సంచీ మాత్రం కార్లో ఉండిపోయిందా? మీ అబ్బాయి చేత తాళం పంపగలిగితే సంచీ తీసుకుని తిరిగి ఇచ్చేస్తాను. ఉదయం ఆరు లోపు చాలు."

"కార్లో లేదు సార్. నిన్న దింపినప్పుడు అమ్మగారి మంచం పక్క స్టూలు మీద పెట్టాను. ఫైలు కూడా అందులోనే ఉంది."

"కనిపించింది. పడుకో ఇక."