సబ్జెక్ట్: ఆగస్టు 19 ఫైనల్ రౌండ్ ఫలితం గురించి

సుజాత గారికి,

నమస్తే అండి. నేను కిరణ్‌ని. బ్యాకెండ్ డెవలపర్ పోస్టు కోసం ఆగస్టు 19, మంగళవారం మీ ఎలక్ట్రానిక్ సిటీ ఆఫీసుకు ఫైనల్ రౌండ్‌కి వచ్చాను. లిఫ్ట్ దాకా వచ్చి ‘వారంలో చెప్పేస్తాం, టెన్షన్ పడకండి’ అని మీరు తెలుగులో అన్నారు కదా, ఆ చనువుతోనే ఈ మెయిల్ తెలుగులో రాస్తున్నాను.

ఇవాళ్టికి నాలుగు వారాలైంది. మధ్యలో వినాయక చవితి వచ్చింది, సెలవుల్లో ఉంటారేమోనని మొదట్లో నేనూ అడగలేదు. ఈ నెల 4న ఒక మెయిల్ పెట్టాను, పోయిన శుక్రవారం ఫోన్ చేశాను. మీ పోర్టల్‌లో నా పేరు పక్కన ఇంకా Under Review అనే ఉంది. అప్రూవల్స్ మీ ఒక్కరి చేతిలో ఉండవని తెలుసు, తొందరపెట్టాలని కాదు.

నా అప్లికేషన్ ఇంకా పరిశీలనలో ఉందా, లేక వేరేవాళ్లను తీసుకున్నారా? ఈ ఒక్కటి చెబితే చాలు. తీసుకుని ఉంటే మొహమాటపడకండి, నేనేమీ అనుకోను.

ఇప్పుడే ఎందుకు అడుగుతున్నానంటే, నేనుండేది యలహంకలో. ఇంటి 11 నెలల అగ్రిమెంట్ ఈ నెలాఖరుతో అయిపోతోంది. రెన్యూ చేస్తారా, టు-లెట్ బోర్డు పెట్టేయమంటారా అని ఓనర్ మెట్ల దగ్గర కనిపించినప్పుడల్లా అడుగుతున్నారు. యలహంక ఊరికి ఆ చివర, మీ ఆఫీసు ఈ చివర. ఇంటర్వ్యూ రోజు రెండు గంటలు పట్టింది. రోజూ అయితే నా వల్ల కాదు, ఇల్లు మారాల్సిందే.

నోటీసు పీరియడ్ మీకు చెప్పినట్టే 60 రోజులు. ఈ వారంలో ఆఫర్ వస్తే నవంబర్ మూడో వారానికి చేరగలను.

ఇంకో చిన్న మాట, వీలైతే మేనేజర్ గారికి చేరవేయండి. ఒకే పేమెంట్ రిక్వెస్ట్ రెండుసార్లు వస్తే కస్టమర్ డబ్బు రెండుసార్లు కట్ కాకుండా ఏం చేస్తావని ఆయన అడిగారు. ఆ రిక్వెస్ట్ నంబరు టేబుల్‌లో ఉందో లేదో ముందు చూసి, లేకపోతే రాస్తానన్నాను. రెండూ ఒకేసారి వస్తే రెండింటికీ ‘లేదు’ అనే వస్తుందని బస్సెక్కాక తట్టింది! ఆ కాలమ్‌కు యూనిక్ కన్‌స్ట్రెయింట్ పెట్టి, ముందే ఇన్‌సర్ట్ చేసి, అది ఫెయిలైతే పాత జవాబునే తిరిగి పంపాలి.

నా నంబరు పాతదే. సాయంత్రం 6 దాటాక ఎప్పుడు చేసినా ఎత్తుతాను, మెయిల్‌లో రాసినా సరే.

ఇట్లు,
కిరణ్
యలహంక, బెంగళూరు