రాజేశ్వరి కాదు, మహేశ్వరి

"రాజేశ్వరి ఈ రోజు కూడా కోడలిని పనిమనిషి ముందు నిలబెట్టి కడిగేసింది" అంది లచ్చవ్వ, ఫోనును బియ్యం డబ్బాకు ఆనించి.

"రాజేశ్వరి కాదమ్మా, మహేశ్వరి" అన్నాడు శ్రీను.

"రోజూ చూసేదాన్ని నేనా, నువ్వా?"

"నేనూ చూస్తున్నాను. మొగుడు పిలుస్తాడు కదా, 'మహీ' అని!"

"వాడి మాటకు ఆ ఇంట్లో విలువ ఎక్కడుంది?"

జగిత్యాల దగ్గర ఆ పల్లెలో రాత్రి తొమ్మిదిన్నర. దుబాయ్ సోనాపూర్ క్యాంపులో ఎనిమిది. వాట్సాప్ కాల్ అక్కడ కలవదు కనుక తల్లీకొడుకుల పోట్లాటంతా బోటిమ్‌లోనే. లచ్చవ్వ ఒళ్లో చేట. తునికాకు కత్తిరించి, చిటికెడు తంబాకు పోసి, చుట్టి, దారం కట్టి పడేస్తుంది. కళ్లు తెర మీదున్నా వేళ్లు తప్పు చేయవు. పేరు దగ్గర మాత్రం పట్టిన పట్టు వదలదు.

గదిలో ఈ తగాదా తెలియనివాళ్లు లేరు. నిర్మల్ గంగన్న పై మంచం మీంచి తల వంచి, "మహేశ్వరే, అత్తా!" అని తీర్పు చెప్పాడు ఒకసారి. "నువ్వు వాడి ఉప్పు తింటున్నావు, వాడి మాటే మాట్లాడతావు" అని లచ్చవ్వ కొట్టిపారేసింది. ఉప్పు మాట నిజమే, ఆ వారం వంట వంతు శ్రీనుదే.

అసలు శ్రీనుకు సీరియళ్లంటే గిట్టదు. కానీ ఫోను చేస్తే "తిన్నావా, తిన్నాను" తర్వాత మాట ముందుకు సాగేది కాదు. అప్పు గురించి తను అడగడు, ఎండ గురించి ఆమె అడగదు. సీరియల్ మొదలుపెట్టాక గంట గంట మాట్లాడుకుంటున్నారు. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3 వరకు ఎండలో పని చేయించకూడదని అక్కడి నిబంధన. ఆ వేళ కడుతున్న భవనం కింది అంతస్తులో అట్టముక్క పరుచుకుని, ముందురోజు ఎపిసోడ్ చూసేస్తాడు.

ఆ బుధవారం లచ్చవ్వ గొంతు కొంచెం తగ్గింది. "రాజేశ్వరి ఈ రోజు ఆ పెద్దావిడ వాకిట్లోకి వచ్చి నలుగురిలో అడిగింది. వడ్డీ మూడు నెలలది ఒకేసారి కట్టమంది. పాపం, ఆవిడ కమ్మలు తీసి చేతిలో పెట్టింది."

"మహేశ్వరికి వడ్డీ వ్యాపారం ఎప్పటినుంచి?"

"రాజేశ్వరి! ఎన్నిసార్లు చెప్పాలి?" అని పెట్టేసింది.

మర్నాడు మధ్యాహ్నం శ్రీను ఆ ఎపిసోడ్ మొదటినుంచి చివరిదాకా చూశాడు. మొత్తం గుడి మెట్ల మీదే నడిచింది. మెట్టుకో ప్రకటన. వాకిలి లేదు, వడ్డీ లేదు, కమ్మలు లేవు. వెనక్కి జరిపి మళ్లీ చూశాడు.

అప్పుడు గుర్తొచ్చింది. వీసా ఏజెంటుకు కట్టడానికి నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చిన రోజు, తను సంతకం పెట్టిన ప్రామిసరీ నోటు. ఊళ్లో అందరికీ ఆమె పటేలమ్మే, పేరుతో పిలిచినవాళ్లు లేరు. నోటు మీద మాత్రం నీలి సిరాతో 'రాజేశ్వరి' అని ఉంది.

ఎన్ని నెలల నుంచి చెబుతోంది అమ్మ? కోడలిని కడిగేయడం సీరియల్‌లోదే. పొలం గట్టు దగ్గర తిట్టడం? బోనాల రోజు ముఖం తిప్పుకోవడం? ఏది తెరమీదిదో, ఏది వాకిట్లోదో విడదీయడం అతని వల్ల కాలేదు.

ఆ రాత్రి కాల్ కలిసింది. ఉక్కపోతలో కూడా లచ్చవ్వ కొంగు తలమీదుగా చెవులు కప్పుకుని కూర్చుంది. శ్రీను ఎడమచేతిని మోకాలి కిందకు జరిపాడు. సోమవారం ఇనుప చువ్వల కట్ట జారి రెండు వేళ్లు నలిగాయి. కట్టు ఇంకా తియ్యలేదు.

"ఈ రోజు రాజేశ్వరి ఏం చేసింది?" అన్నాడు.

పేరు దిద్దనందుకు లచ్చవ్వ చేతిలో దారం ఆగింది. "ఏమీ చేయలేదు. నెమ్మదించింది."

"నేను చూసిన దాంట్లో ఇంకోటి జరిగింది. పరాయిదేశం వెళ్లిన చిన్నకొడుకు లేడూ, శ్రీధర్. వాడికి పనిలో చేతికి చిన్న దెబ్బ తగిలింది. పెద్దదేం కాదు. నెల తిరిగేసరికి ఆవిడ కమ్మల డబ్బు పంపిస్తానన్నాడు."

లచ్చవ్వ చేట పక్కన పెట్టింది. ముఖం తెర నిండా వచ్చింది.

"వాడి పేరు శ్రీధర్ కాదు. చెయ్యి పైకెత్తు."

"నువ్వు ముందు కొంగు తియ్యి."