ప్రింట్‌కి ఇచ్చే ముందు రిఫరెన్సుల చెక్‌లిస్ట్

మన రిపోర్టు ఐఈఈఈ స్టైల్‌లో ఉంది, బైండింగ్ అయ్యాక ఒక్క నంబరు కూడా మార్చలేం, అందుకే ఇద్దరు కూర్చోండి: ఒకరు చదవాలి, ఇంకొకరు టిక్ పెట్టాలి.

☐ రిపోర్టులో ఉన్న ప్రతి నంబరుకీ లిస్టులో ఎంట్రీ ఉందా? తిరగేసి కూడా చూడండి. ఎక్కడా వాడని పేపరు లిస్టులో ఉంటే తీసేయండి, వైవాలో ఎగ్జామినర్ వేలు సరిగ్గా దాని మీదే పడుతుంది.

☐ నంబర్లు అక్షర క్రమంలో కాదు, రిపోర్టులో మొదటిసారి వచ్చిన వరుసలో ఉండాలి. నిన్న రెండో చాప్టర్‌లో పేరాలు అటూ ఇటూ జరిపాం కదా, అక్కడ [7] కంటే ముందే [9] కనిపిస్తుందేమో చూడండి. ఎక్కువ టైమ్ దీనికే పెట్టండి.

☐ ఒకే పేపరు రెండు నంబర్లతో లేదు కదా?

☐ పేర్లలో ఇనిషియల్ ముందు, ఇంటిపేరు తర్వాత. ఆరుగురు దాటితే మొదటి పేరు, ఆపైన et al.

☐ జర్నల్ పేపర్లకు వాల్యూమ్, పేజీలు, సంవత్సరం. గూగుల్ స్కాలర్ నుంచి కాపీ చేసినవైతే గుడ్డిగా నమ్మకుండా అసలు పేపరు మొదటి పేజీతో పోల్చండి.

☐ డీఓఐ లింకులన్నీ నొక్కి చూడండి (బోరే, తప్పదు). వెబ్‌సైట్లకు చూసిన తేదీ ఉండాలి.

☐ వర్డ్‌లో Ctrl+A, తర్వాత F9. ఆపైన Error! అని వెతకండి, ఒక్కటీ దొరక్కపోతేనే పీడీఎఫ్ చేయండి.